విచారణ మినిట్స్: నమ్మని సాక్ష్యం కూడా ఎందుకు రాయాలి?

క్రమశిక్షణ విచారణల్లో కూర్చుని మినిట్స్ రాయడం, అప్పీల్‌కి వచ్చినప్పుడు వేరేవాళ్లు రాసిన మినిట్స్ చదవడం, ఈ రెండూ నా పనే. రాయడం కంటే చదవడమే ఎక్కువ తలనొప్పి. ఫైలు తెరిస్తే నిర్ణయం మాత్రం గట్టిగా ఉంటుంది. ఆ నిర్ణయానికి ఎలా వచ్చారో వెతికితే దొరకదు. రాసినవాళ్లని అడిగితే, "అనవసరమైనవన్నీ తీసేశామండీ, నీట్‌గా ఉంటుందని" అంటారు. ఈ నీట్‌నెస్ గురించే ఈ పోస్టు. మిగతా అపోహల్ని చివర్లో గబగబా చెప్పేస్తాను.

అపోహ: నిర్ణయానికి ఆధారమైన సాక్ష్యం రాస్తే చాలు. ప్యానెల్ నమ్మనిది రాయక్కర్లేదు.

వాస్తవం: నమ్మనిది కూడా రాయాలి, ఎందుకు నమ్మలేదో కూడా రాయాలి. అప్పీల్ వినే మనిషి ఆ రోజు ఆ గదిలో లేరు. ఉద్యోగి ముందు ఏ ఆరోపణ, ఏ పత్రం పెట్టారు, దానికి ఆయన ఏమన్నారు, ఆ జవాబుని ప్యానెల్ ఏం చేసింది, ఈ మూడూ వాళ్లకి కాగితం మీదే కనబడాలి. మూడోది లేకపోతే, విన్నారా లేక విననట్టు వదిలేశారా అన్నది ఎవరూ చెప్పలేరు.

ఒక కేసు చెబుతాను, మనుషుల్ని గుర్తుపట్టకుండా వివరాలు మార్చి. గోడౌన్‌లో రాత్రి షిఫ్ట్ ఉద్యోగి. సరుకు బయటికి వెళ్లాలంటే గేట్‌పాస్ మీద ఆయన సంతకంతో పాటు షిఫ్ట్ సూపర్‌వైజర్ సంతకం కూడా ఉండాలని నియమం. ఒక రాత్రి 12 పెట్టెలు ఒక్క సంతకంతోనే వెళ్లిపోయాయి. ఛార్జీలు రెండు. మొదటిది, రెండో సంతకం లేకుండా సరుకు పంపడం. రెండోది, మర్నాటి వరకు రిజిస్టర్‌లో ఎంట్రీ వేయకుండా ఆ సంగతి కావాలని దాచడం. ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. మినిట్స్‌లో సాక్ష్యం, నిర్ణయం అన్నీ కలిపి ఇంతే:

"ఉద్యోగి తప్పు ఒప్పుకున్నారు. సూపర్‌వైజర్ ఫోన్‌లో అనుమతి ఇచ్చారన్న వాదనకు ఆధారాలు చూపలేదు. ప్రశ్నలకు తడబడుతూ జవాబిచ్చారు. విరామం తర్వాత ఆరోపణలు రుజువైనట్టు ప్యానెల్ నిర్ణయించింది."

చదవడానికి బాగానే ఉంది కదా. అదృష్టం కొద్దీ మినిట్స్ రాసినాయన అప్పటికప్పుడు చేత్తో రాసుకున్న నోట్స్ పారేయకుండా ఫైల్లోనే ఉంచారు. అందులో ఇలా ఉంది: "సంతకం లేకుండా పంపారా - అవును. సూపర్‌వైజర్ 9.40కి ఫోన్, లారీ ఆపొద్దు అన్నారట. కాల్ లిస్ట్ చూడమంటున్నారు. ఛైర్ - చూస్తాం. రిజిస్టర్ - గదికి తాళం, తాళంచెవి సూపర్‌వైజర్ దగ్గర. 11.20 బ్రేక్."

ఇప్పుడు ఆ నాలుగు వాక్యాలూ మళ్లీ చదవండి. ఆయన ఒప్పుకున్నది పెట్టెలు పంపానని మాత్రమే. తప్పు చేశానని ఎక్కడా అనలేదు. పైగా పంపమన్నది ఎవరో కూడా చెప్పారు. "ఆధారాలు చూపలేదు" అన్నది ఇంకా అన్యాయం. ఆ ఆధారం ఆఫీసు ఫోన్ కాల్ లిస్ట్. అది ఉండేది యాజమాన్యం దగ్గర. తెప్పించమని ఆయన అడిగారు, చూస్తామని ఛైర్‌పర్సన్ అన్నారు. చూశారో లేదో మినిట్స్‌లో లేదు. రెండో ఛార్జీకి ఆయన చెప్పిన తాళం సంగతి మినిట్స్ దాకా రానే లేదు.

ఇక "తడబడుతూ" అన్న మాట. అది సాక్ష్యం కాదు, రాసినాయన అభిప్రాయం. ఉద్యోగం పోతుందేమోనన్న టెన్షన్‌లో నలుగురి ముందు కూర్చున్న మనిషి తడబడక ఏం చేస్తారు? ఆ ప్రవర్తన నిజంగా ముఖ్యమనిపిస్తే జరిగింది జరిగినట్టు రాయాలి. ఒకే ప్రశ్న రెండుసార్లు అడగాల్సి వచ్చింది, లేదా నీళ్లు కావాలని ఐదు నిమిషాలు విరామం అడిగారు, అలా. దాన్నిబట్టి ఏమనుకోవాలో చదివేవాళ్లే తేల్చుకుంటారు.

అప్పీల్‌లో ఆ నిర్ణయం నిలబడలేదు. ఉద్యోగి నిర్దోషి అని కాదు. కాల్ లిస్ట్ చూశారా లేదా అన్నదానికి ఎవరి దగ్గరా జవాబు లేక, వేరే ప్యానెల్‌తో మళ్లీ విచారణ పెట్టమన్నారు. సాక్షుల్ని మళ్లీ పిలవడం, అందరూ అన్నీ మళ్లీ చెప్పడం, ఆ ఉద్యోగికి అన్ని వారాలూ నిద్ర లేకపోవడం, ఇదంతా నాలుగు నీటైన వాక్యాల ఖర్చు. రెండోసారి మినిట్స్ ఇలా ఉన్నాయి:

"ఉదయం 10.50. ఛార్జ్ 1. ఛైర్‌పర్సన్: గేట్‌పాస్ (పత్రం 3) మీద రెండో సంతకం లేకుండా పెట్టెలు పంపారా? ఉద్యోగి: పంపాను. రాత్రి 9.40 ప్రాంతంలో సూపర్‌వైజర్ ఫోన్ చేసి 'లారీ ఆపొద్దు, సంతకం పొద్దున పెడతాను' అన్నారు. కాల్ లిస్ట్ (పత్రం 6) ఉద్యోగికి, ఆయన తోడుగా వచ్చిన సహోద్యోగికి ఇచ్చి, చదువుకోవడానికి 15 నిమిషాలు విరామం ఇచ్చారు. అందులో 9.42కి సూపర్‌వైజర్ నంబర్ నుంచి రెండు నిమిషాల కాల్ ఉంది. సూపర్‌వైజర్: కాల్ చేశాను. మర్నాటి షిఫ్ట్ గురించి మాట్లాడాను. సరుకు పంపమనలేదు. ఉద్యోగి తరఫున ప్రశ్న: ఆ రాత్రి రిజిస్టర్ ఎక్కడుంది? సూపర్‌వైజర్: నా గదిలో. తాళంచెవి నా దగ్గరే ఉంది."

గమనించండి, ఇందులో ఎవరు నిజం చెప్పారో మినిట్స్ తేల్చలేదు. ఇద్దరూ చెప్పింది పక్కపక్కన పెట్టి ఊరుకుంది. తేల్చాల్సింది ప్యానెల్. అది నిర్ణయం కింద విడిగా ఉంది:

"ఛార్జ్ 1 రుజువైంది. నియమం ప్రకారం గేట్‌పాస్ మీద సంతకమే కావాలి, ఫోన్‌లో చెప్పడం సరిపోదు. ఈ నియమం తెలుసని ఉద్యోగి చెప్పారు. అయితే కాల్ జరిగిన సమయం, కాల్ అయిన రెండు నిమిషాల్లోపే లారీ బయల్దేరినట్టు గేటు పుస్తకంలో (పత్రం 4) ఉండటం చూస్తే, సరుకు గురించి మాట్లాడి ఉండే అవకాశమే ఎక్కువని ప్యానెల్ భావించింది. శిక్ష తగ్గించడానికి దీన్ని లెక్కలోకి తీసుకుంది. ఛార్జ్ 2 రుజువు కాలేదు. రిజిస్టర్ తనకి అందుబాటులో లేదన్న ఉద్యోగి మాటని సూపర్‌వైజర్ జవాబు సమర్థిస్తోంది."

శిక్ష రాతపూర్వక హెచ్చరిక. అది ఎంతకాలం అమల్లో ఉంటుందో, అప్పీల్ ఎవరికి, ఎన్ని రోజుల్లోపు చేసుకోవాలో కూడా అక్కడే రాశారు. రుజువు కాని ఛార్జీని "అది తేలిపోయిందిగా" అని వదిలేసేవాళ్లు చాలామంది. వదిలేస్తే రెండేళ్ల తర్వాత ఫైలు తీసినవాళ్లకి ఛార్జ్‌షీట్‌లో దాచాడన్న ఆరోపణ కనిపిస్తుంది, కొట్టేసిన సంగతి కనిపించదు.

"అవకాశమే ఎక్కువ" అన్న మాట చూసి కంగారు పడకండి. క్రిమినల్ కోర్టులో లాగా సందేహానికి తావు లేకుండా రుజువు కావాలని ఉద్యోగ విచారణల్లో సాధారణంగా అడగరు. ఏది జరిగి ఉండొచ్చన్నది కారణాలతో చెబితే సరిపోతుంది. అయితే కారణాలు చెప్పాల్సిందే.

అపోహ: ప్రతి మాటా అక్షరం పొల్లుపోకుండా రాయాలి.

అక్కర్లేదు. ఆరోపణకు సంబంధించిన ప్రశ్న, జవాబు, ఒప్పుకోలు, కాదనడం, వివాదంలో ఉన్న మాటలు, ఇవి అన్నవి అన్నట్టు ఉండాలి. మిగతాది క్లుప్తంగా రాయొచ్చు. తిట్టాడన్నదే ఆరోపణ అయితే మాత్రం మర్యాదకి పోయి "అసభ్యంగా మాట్లాడారు" అని రాయకండి. సాక్షి చెప్పిన ఆ తిట్టే రాయండి. అది అసభ్యమా కాదా అన్నది ప్యానెల్ పని.

అపోహ: రికార్డింగ్ ఉంటే మినిట్స్ ఎందుకు?

ఒక్కసారి విని చూడండి. "ఇది చూడండి, ఇక్కడ మీ సంతకమేగా?" అని వినిపిస్తుంది. ఏ కాగితం, ఎక్కడ? అందుకే పత్రాలకి నంబర్లు, మినిట్స్‌లో ఆ నంబర్లు. రికార్డ్ చేస్తే అందరికీ చెప్పి చేయండి. మినిట్స్ ఎలాగూ రాయాల్సిందే.

అపోహ: ప్యానెల్ లోపల మాట్లాడుకున్నది కూడా మినిట్స్‌లో పెట్టాలి.

కారణాలు పెట్టాలి, కబుర్లు కాదు. మినిట్స్ రాసే మనిషికి నిర్ణయంలో ఓటు లేదు, సలహా కూడా లేదు. విరామంలో ప్యానెల్‌కి కొత్త పత్రం ఏదైనా అందితే మాత్రం దాన్ని ఉద్యోగికి చూపించి జవాబు తీసుకోవాలి. అది మినిట్స్‌లోకి ఎక్కాలి.

అపోహ: మినిట్స్ మీద సంతకం పెడితే నేరం ఒప్పుకున్నట్టే.

దీనికి భయపడేవాళ్లని చూస్తే నాకు జాలే గానీ విసుగు రాదు. ఈ పుకారు పుట్టించినవాళ్ల మీదే విసుగు. ఒకావిడ పెన్ను పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నారు. సంతకం పెడితే ఇక ఏమీ మిగలదని ఎవరో చెప్పారట. సంతకం చెప్పేది ఒక్కటే: విచారణలో అన్నవి ఇవీ అని. ఛార్జీ నిజమని కాదు. అయినా నమ్మకం కుదరకపోతే సంతకం పైన సొంత చేత్తో రాసుకోవచ్చు. ఆవిడ ఇలా రాశారు: "ఆరోపణలు ఒప్పుకోవడం లేదు. 2వ పేజీ 4వ పేరాలో నేను 'తెలియదు' అనలేదు, 'గుర్తులేదు' అన్నాను." తర్వాత సంతకం పెట్టారు.

అలాంటి అభ్యంతరం వస్తే రాసేవాళ్లు పాత వాక్యాన్ని కొట్టేసి కొత్తది రాయకూడదు. తమ నోట్స్ చూడాలి. నోట్స్‌లో ఉద్యోగి చెప్పినట్టే ఉంటే సవరణ అని తేదీ వేసి చేర్చాలి. లేకపోతే రెండు పాఠాలూ ఉంచి, తేడా ఉందని రాయాలి. మినిట్స్ కాపీ ఇచ్చి, చదువుకోవడానికి కొన్ని రోజులు ఇవ్వాలి. అక్కడికక్కడే సంతకం పెట్టమని ఒత్తిడి చేయకూడదు. అప్పటికీ పెట్టనంటే "కాపీ ఇచ్చాం, సంతకం చేయడానికి నిరాకరించారు" అని తేదీతో రాసి, అక్కడున్న ఇంకొకరి చేత సంతకం చేయించి ఫైల్లో పెట్టేయండి. అంతమాత్రాన విచారణ చెల్లకుండా పోదు.