వంద వీడియోల ఛానెల్ నిజంగా ఎన్ని వీడియోల మీద నిలబడింది?

ప్రభుత్వ సేవల గురించి తెలుగులో చెప్పే ఒక యూట్యూబ్ ఛానెల్‌ని ఊహించుకుందాం. అందులో వంద వీడియోలు ఉన్నాయి, 28 రోజుల్లో 5,00,000 వ్యూస్ వచ్చాయి. భాగిస్తే ఒక్కో వీడియోకి 5,000 అవుతుంది. కానీ వ్యూస్ వచ్చిన వరసలో వీడియోలను పేర్చి చూస్తే 5,000 దగ్గర నిలిచేవి కొన్నే కనపడతాయి. మొదటి వీడియోకే 1,50,000 వచ్చాయి. రెండోదానికి 75,000, తర్వాతి మూడింటికి 50,000, 35,000, 25,000. ఆ తర్వాతి పదిహేనింటికి కలిపి 65,000. మిగిలిన ఎనభై వీడియోలూ కలిసి తెచ్చింది లక్ష మాత్రమే. అంటే ఇరవై వీడియోలు నాలుగు లక్షలు తెచ్చాయి, 20 శాతం వీడియోలవే 80 శాతం వ్యూస్. దీన్నే 80-20 సూత్రం అంటారు.

ఈ అంకెలు నేను లెక్క కోసం వేసుకున్నవి. కానీ కొంతకాలంగా నడుస్తున్న ఛానెల్ ఏది తీసుకున్నా ఆకారం దాదాపు ఇలాగే ఉంటుంది. ఒకచోట 20 శాతం వీడియోలు 70 శాతం వ్యూస్ తేవచ్చు, ఇంకోచోట 10 శాతమే 90 శాతం తేవచ్చు. ఇటలీ ఆర్థికవేత్త విల్‌ఫ్రెడో పారెటో 19వ శతాబ్దం చివర్లో పన్ను లెక్కలు చూసి, ఆదాయాలు ఇలా కొద్దిమంది దగ్గరే పోగుపడుతున్నాయని గమనించాడు. తర్వాత అమెరికాలో నాణ్యతా నిపుణుడు జోసెఫ్ జురాన్, ఫ్యాక్టరీల్లో ఎక్కువ లోపాలు కొద్ది కారణాల నుంచే వస్తాయని చెబుతూ ఈ సూత్రానికి పారెటో పేరు పెట్టాడు.

వ్యూస్ ఎందుకిలా పోగుపడతాయి? చూసినవాళ్లు ఉన్న వీడియోకే ఇంకా చూసేవాళ్లు దొరుకుతారు కాబట్టి. ఒక వీడియోని జనం క్లిక్ చేసి చివరిదాకా చూస్తే, యూట్యూబ్ దాన్ని మరికొందరికి చూపిస్తుంది. సెర్చ్‌లో పైకి వస్తే ఇంకొందరు చూస్తారు, వాళ్లు చూడటం వల్ల అది పైనే ఉంటుంది. మొదట్లో ఉన్న చిన్న తేడా ఇలా చుట్టు తిరిగినకొద్దీ పెరిగిపోతుంది.

ఆ చిన్న తేడాలో అదృష్టం వాటా ఎంతో చూపించిన ప్రయోగం ఒకటుంది. మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ 2006లో దాన్ని ప్రచురించారు. పద్నాలుగు వేలకు పైగా జనానికి, ఎవరికీ పెద్దగా తెలియని బ్యాండ్ల పాటలు 48 ఇచ్చారు. కొందరిని ఎవరి అభిరుచి ప్రకారం వాళ్లని వినమన్నారు. మిగిలినవాళ్లని ఎనిమిది గుంపులుగా విడదీసి, ఎవరి గుంపులో ఏ పాట ఎన్నిసార్లు డౌన్‌లోడ్ అయిందో వాళ్లకి కనపడేలా చేశారు. పాటలు అవే. అయినా ఒక గుంపులో మొదటి స్థానానికి వెళ్లిన పాట ఇంకో గుంపులో 40వ స్థానంలో పడింది. బాగా మంచి పాటలు మరీ కిందికి పోవడం, బాగా చెడ్డవి పైకి రావడం అరుదుగానే జరిగింది. మధ్యలో ఉన్నవాటి గతిని మాత్రం ముందే చెప్పలేకపోయారు.

అందుకే "ఆ ఇరవై వీడియోల్లాంటివే చేసి, మిగతా ఎనభై మానేద్దాం" అనే సలహా నాకు నచ్చదు. ఆ ఇరవై ఏవో తెలిసింది అవి బయటికి వెళ్లాకే. పైకి రాని ఎనభైలో చాలావరకు అదే శ్రమతో, అదే శ్రద్ధతో తీసినవి.

నా దృష్టిలో 80-20 లెక్క పనికొచ్చేది ఇంకో ప్రశ్నకి. ఈ ఛానెల్ ఎన్ని కాళ్ల మీద నిలబడింది? దీన్ని కొలవడానికి, పరిశ్రమల్లో గుత్తాధిపత్యాన్ని లెక్కగట్టేందుకు ఆర్థికవేత్తలు వాడే హెర్ఫిండాల్ సూచీని తీసుకోవచ్చు. ఒక్కో వీడియో వాటాని వర్గం చేసి, అన్నీ కూడి, ఒకటిని ఆ మొత్తంతో భాగించాలి. వంద వీడియోలకీ సమానంగా వ్యూస్ వస్తే జవాబు 100 వస్తుంది. అన్నీ ఒక్కదానికే వస్తే 1 వస్తుంది.

YouTube Studioలో Advanced mode నుంచి పట్టికని దించుకుంటే ఇది రెండు నిమిషాల పని. పైన ఉండే Total వరసని ముందు తీసేయాలి, లేకపోతే లెక్క మొత్తం తప్పుతుంది. స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కో వీడియో వ్యూస్‌ని మొత్తం వ్యూస్‌తో భాగించి, ఆ వాటాలని C కాలమ్‌లో పెట్టుకుంటే:

```
=1/SUMSQ(C2:C101)
```

వాటాలని 30 అని కాకుండా 0.30 అని రాసుకోవాలి. మన ఛానెల్‌కి జవాబు దాదాపు 7.6 వస్తుంది. పేరుకి వంద వీడియోలున్నా, రిస్క్ లెక్కలో అది ఏడెనిమిది సమానమైన వీడియోలున్న ఛానెల్‌తో సమానం. ఆ 7.6లో మొదటి వీడియో ప్రభావమే ఎక్కువ. దాని వాటా 30 శాతం, వర్గం 0.09. వంద వీడియోల వర్గాలన్నీ కలిపితే వచ్చేది 0.13 మాత్రమే.

మొత్తం కాలం వ్యూస్‌తో ఈ లెక్క వేస్తే మోసపోతాం. మూడేళ్ల కిందట పేలిపోయి ఇప్పుడు చల్లబడిన వీడియో ఆ పట్టికలో ఇంకా పైనే కనపడుతుంది. గత 28 రోజులకి ఒకసారి, గత 365 రోజులకి ఒకసారి వేసి చూడాలి. డబ్బు గురించి టెన్షన్ ఉన్నవాళ్లు వ్యూస్ బదులు ఆదాయం కాలమ్‌తో వేయాలి. వ్యూస్‌లో ఐదో స్థానంలో ఉన్న వీడియో ఆదాయంలో మొదటిది కావచ్చు.

ఇక్కడితో ఆగితే అసలు ప్రమాదం కనపడదు. ఏడెనిమిది కాళ్లూ ఒకే పలక మీద ఉంటే, ఆ పలక విరిగినప్పుడు అన్నీ ఒకేసారి పడతాయి. మన ఛానెల్ లెక్క 2023 జూన్ నాటిది అనుకుందాం. పాన్‌కి ఆధార్ లింక్ చేసుకోవడానికి అప్పటి గడువు జూన్ 30. మొదటి వీడియో లింక్ చేసే పద్ధతి గురించి. మూడోది వెయ్యి రూపాయల ఫీజు కట్టడం గురించి, నాలుగోది రెండింటిలో పేరు కలవకపోతే ఏం చేయాలో. కింద ఉన్న పదిహేనులో కూడా ఆరు ఇలాంటివే. అన్నీ కలిపి 52 శాతం. వేరు వేరు వీడియోలే అయినా వాటికి జనాన్ని పంపేది ఒకే గడువు.

కాబట్టి లెక్కని వీడియోల వారీగా కాకుండా కారణాల వారీగా మళ్లీ వేయాలి. పాన్-ఆధార్ గుంపు 52 శాతం, మిగిలిన ఐదు విషయాలు 20, 12, 8, 5, 3 శాతం అనుకుంటే జవాబు 3కి పడిపోతుంది. గడువు దాటాక కూడా ఫీజు కట్టి లింక్ చేసుకునేవాళ్లు కొందరుంటారు కాబట్టి వెతుకులాట పూర్తిగా ఆగదు. పదో వంతు మిగిలిందనుకున్నా 2,60,000 కాస్తా 26,000 అవుతుంది. ఛానెల్ మొత్తం 5,00,000 నుంచి 2,66,000కి దిగుతుంది. చివర్లో కనిపించే వీడియో కార్డుల ద్వారా ఆ గుంపు నుంచి మిగతావాటికి వచ్చినవాళ్లు కూడా తగ్గుతారు, అది ఈ లెక్కలో లేదు.

కారణం అంటే విషయం ఒక్కటే కాదు. పై వీడియోలన్నిటికీ జనం Suggested videos ద్వారానే వస్తూ, ఆ సూచన వేరే ఛానెల్‌లోని ఒకే పెద్ద వీడియో పక్కన కనపడుతుంటే, అదీ ఒకే కాలు. పది వీడియోల్లో ఒకే నేపథ్య సంగీతం వాడి, ఆ హక్కుదారు క్లెయిమ్ వేస్తే పదింటి ఆదాయమూ ఒకేసారి అటు మళ్లవచ్చు. కాపీరైట్ స్ట్రైకులు 90 రోజుల్లో మూడు పడితే ఛానెలే పోయే పరిస్థితి వస్తుంది. అప్పుడు ఏ సూచీ ఎంత వచ్చినా ఉపయోగం లేదు, వంద వీడియోలదీ ఒకే ఖాతా.

ఆర్నెల్ల కిందట మొదలైన, పన్నెండు వీడియోలున్న ఛానెల్‌కి ఈ లెక్క 2 వస్తే కంగారు పడాల్సింది లేదు. ఒకటి పైకి లేచిన చోట అలాగే వస్తుంది. రెండేళ్లు గడిచి వీడియోలు వంద దాటినా కారణాల లెక్క 2 దగ్గరే ఉందంటే మాత్రం కొత్త వీడియోలు పాత కాలికే బరువు చేరుస్తున్నాయి. అలాంటప్పుడు ప్రతి నాలుగు వీడియోల్లో ఒకటి మొదటి గుంపుతో సంబంధం లేని విషయం మీద చేసి, మూడు నెలలకోసారి కారణాల లెక్క తిరిగి వేసుకోవాలి. ఆ కొత్తవాటిలో ఎక్కువ భాగం ఆ ఎనభైలోకే పోతాయి. వాటిలో ఏదో ఒకటి నెలకి 25,000 వ్యూస్ దగ్గర నిలబడిందంటే, జూలైలో మిగిలే 2,66,000కి అది దాదాపు పదో వంతు.