పన్ను తగ్గితే లాభం పడిపోయిందేమిటి? డిఫర్డ్ టాక్స్ కథ

2019 సెప్టెంబర్ 20న కేంద్ర ప్రభుత్వం కంపెనీల పన్ను రేటును ఒక్కసారిగా తగ్గించింది. రాయితీలు వదులుకోవడానికి సిద్ధపడిన కంపెనీలకు సర్‌చార్జి, సెస్సు కలుపుకొని 34.944 శాతం దాకా ఉన్న పన్ను 25.168 శాతానికి దిగింది. స్టాక్ మార్కెట్ పండగ చేసుకుంది. ఆ త్రైమాసికం ఫలితాలు వచ్చేసరికి మాత్రం ఐసీఐసీఐ బ్యాంకు నికర లాభం 655 కోట్ల రూపాయల దగ్గర ఆగిపోయింది. తక్కువ పన్నుకు మారినందువల్ల పడిన 2,920 కోట్ల ఖర్చు లేకపోతే అది 3,575 కోట్లు ఉండేది. ఆ 2,920 కోట్లలో ఒక్క రూపాయి కూడా బ్యాంకు ఎవరికీ కట్టలేదు.

పన్ను తగ్గితే లాభం తగ్గడం ఎలా సాధ్యమో తెలియాలంటే బ్యాంకులను కాసేపు పక్కన పెట్టి, ఒక చిన్న కంపెనీ కొన్న కంప్యూటర్ల లెక్క చివరిదాకా చూడాలి.

ఏప్రిల్ 1న ఆ కంపెనీ 9 లక్షల రూపాయల కంప్యూటర్లు కొన్నదనుకుందాం. కంపెనీల చట్టం ప్రకారం వాటి ఆయుష్షు మూడేళ్లు. చివర్లో తుక్కు విలువ కింద 5 శాతం దాకా మిగుల్చుకోవచ్చు గానీ, లెక్క తేలిగ్గా ఉండటానికి దాన్ని సున్నా అనుకుందాం. అప్పుడు కంపెనీ పుస్తకాల్లో ఏటా 3 లక్షలు తరుగుదల. ఆదాయపు పన్ను లెక్క దారి వేరు. కంప్యూటర్లకు తరుగుదల 40 శాతం, అదీ ఏ ఏటికాయేడు మిగిలిన విలువ మీద. మొదటి ఏడాది 3,60,000, రెండో ఏడాది 2,16,000, మూడో ఏడాది 1,29,600. నాలుగో ఏడాదికి కంపెనీ పుస్తకాల్లో ఆ కంప్యూటర్ల విలువ సున్నా. పన్ను లెక్కలో ఇంకా 1,94,400 రూపాయలు బతికే ఉంటుంది.

తరుగుదలకు ముందు కంపెనీ లాభం ఏటా 20 లక్షలు, పన్ను 25 శాతం అనుకుందాం. పుస్తకాల్లో లాభం మూడేళ్లూ 17 లక్షలే. పన్ను అధికారికి చూపే ఆదాయం మొదటి ఏడాది 16,40,000, తర్వాత 17,84,000, ఆ తర్వాత 18,70,400. కట్టాల్సిన పన్ను వరసగా 4,10,000, 4,46,000, 4,67,600. కట్టిన పన్నునే లాభంలోంచి తీసేస్తే వ్యాపారంలో ఏ మార్పూ లేకున్నా నికర లాభం 12,90,000 నుంచి 12,54,000కు, అక్కడినుంచి 12,32,400కు జారుతూ కనిపిస్తుంది. వాటాదారుడు చూసి కంపెనీ దిగజారుతోందనుకుంటాడు. నిజానికి దిగజారింది ఏమీ లేదు, పన్ను చట్టం తరుగుదలను ముందుకు లాక్కుందంతే.

ఈ వంకరను సరిచేసేదే డిఫర్డ్ టాక్స్. పుస్తకాల లాభం 17 లక్షల మీద 25 శాతం అంటే 4,25,000. మొదటి ఏడాది కట్టింది 4,10,000. మిగతా 15,000ను కూడా ఖర్చుగానే రాసి, బ్యాలెన్స్ షీటులో డిఫర్డ్ టాక్స్ లయబిలిటీ కింద పెడతారు. ఇప్పుడు తక్కువ కట్టాం, ముందు ముందు ఆ మేరకు ఎక్కువ కట్టాలి అని దాని అర్థం.

చాలా క్లాసుల్లో పాఠం ఇక్కడితో అయిపోతుంది. తరుగుదల అంటే లయబిలిటీ అని పిల్లలు బట్టీ పట్టి పరీక్ష రాసేస్తారు. అసలు రుచి రెండో ఏడాదిలో ఉంది. ఆ ఏడాది కట్టిన పన్ను 4,46,000, పుస్తకాల ప్రకారం ఉండాల్సింది 4,25,000. తేడా 21,000 ఈసారి ఎదురు దిక్కున ఉంది. అందులో 15,000 పాత లయబిలిటీని పూర్తిగా చెరిపేస్తుంది, మిగిలిన 6,000 డిఫర్డ్ టాక్స్ అసెట్ అవుతుంది, అంటే ముందు ముందు ఆ మేరకు తక్కువ కట్టొచ్చు. అవే కంప్యూటర్లు, అదే చట్టం, ఏడాది తిరిగేసరికి బాకీ కాస్తా ఆస్తిగా మారింది. మూడో ఏడాది ఇంకో 42,600 కలిసి అసెట్ 48,600కు చేరుతుంది.

ఈ అంకె సరైనదో కాదో సరిచూసుకోవడానికి ఏళ్లవారీ తేడాలన్నీ కూడనక్కర్లేదు. ఏడాది చివర కంప్యూటర్ల విలువ రెండు లెక్కల్లోనూ ఎంతుందో చూసి, తేడాను పన్ను రేటుతో గుణిస్తే చాలు. రెండో ఏడాది చివర పుస్తకాల్లో 3,00,000, పన్ను లెక్కలో 3,24,000. పన్ను లెక్కలో 24,000 ఎక్కువుంది, అంటే ఇంకా అంత తరుగుదల వాడుకోవచ్చు. దానిలో నాలుగో వంతు 6,000. మూడో ఏడాది చివర సున్నా, 1,94,400. నాలుగో వంతు 48,600. రెండు దారులూ ఒకే చోట కలిశాయి. కలవకపోతే ఎక్కడో తప్పు జరిగిందన్నమాట.

ఆ తప్పు మామూలుగా మొదటి ఏడాదిలోనే దొరుకుతుంది. కొన్న ఆస్తిని ఆ ఏడాది 180 రోజుల కంటే తక్కువ వాడితే పన్ను చట్టం సగం తరుగుదలే ఇస్తుంది, అంటే కంప్యూటర్లకు 40 బదులు 20 శాతం. పుస్తకాల్లో మాత్రం వాడిన రోజులకు తగ్గట్టు రాస్తారు. జనవరిలో కొన్న కంప్యూటర్లకు పుస్తకాల్లో మూడు నెలల తరుగుదల 75,000 అయితే పన్ను లెక్కలో 1,80,000 వస్తుంది. ఈ సంగతి మరిచి ఎక్సెల్ షీటులో పాత ఫార్ములా కిందికి లాగేస్తే, ఆ పొరపాటు ఏటా ముందుకు పాకుతూనే ఉంటుంది. ఏడాది చివరి విలువలతో పోల్చి చూసుకునే అలవాటుంటే అది అక్కడికక్కడే దొరికిపోతుంది.

ఇక నాలుగో ఏడాది. పుస్తకాల్లో తరుగుదల అయిపోయింది కాబట్టి లాభం 20 లక్షలు, దాని మీద పన్ను ఖర్చు 5 లక్షలు. పన్ను లెక్కలో ఇంకా 77,760 తరుగుదల వస్తుంది, కట్టేది 4,80,560. మిగిలిన 19,440 అసెట్‌లోంచి తరిగి, అది 29,160కి దిగుతుంది. ఐదో ఏడాది ఇంకాస్త, ఆరో ఏడాది ఇంకాస్త. మిగిలినదాని మీద 40 శాతం కాబట్టి లెక్కప్రకారం ఇది ఎన్నటికీ సున్నాకు చేరదు. ఈలోగా కంప్యూటర్లను తుక్కు కింద అమ్మేసినా సరే. పన్ను చట్టం ఒక్కో కంప్యూటరును విడిగా చూడదు, ఒకే రేటున్నవాటిని ఒక బ్లాకుగా చూస్తుంది. అమ్మితే వచ్చిన డబ్బు మాత్రమే బ్లాకు విలువలోంచి పోతుంది. బ్లాకులో వేరే కంప్యూటర్లు ఉన్నంతకాలం పాతవాటి మిగులు మీద తరుగుదల వస్తూనే ఉంటుంది. పుస్తకాల్లో లేని వస్తువుకు డిఫర్డ్ టాక్స్ అసెట్ ఏమిటని కొత్తగా చేరిన అకౌంటెంట్లు తికమకపడేది ఇక్కడే.

ఒక మూఢనమ్మకం గురించి కూడా చెప్పాలి. బ్యాలెన్స్ షీటులో డిఫర్డ్ టాక్స్ లయబిలిటీ కనిపించగానే, కంపెనీ ఆదాయపు పన్ను శాఖకు అంత ఎగ్గొట్టిందని కొందరు నమ్ముతారు. ఆ శాఖ దగ్గర అలాంటి బాకీ ఏదీ నమోదై ఉండదు. దాని మీద నోటీసు రాదు, వడ్డీ పడదు. అది కంపెనీ తన పుస్తకాల్లో తనకోసం రాసుకున్న లెక్క. పదేళ్ల తర్వాత తీరేదైనా దాన్ని ఇప్పటి విలువకు తగ్గించి రాయడానికి అకౌంటింగ్ ప్రమాణాలు ఒప్పుకోవు.

అలాగే ప్రతి తేడాకూ డిఫర్డ్ టాక్స్ రాదు. చట్టం ఉల్లంఘించినందుకు కట్టిన జరిమానాను, సీఎస్ఆర్ పేరిట సామాజిక సేవకు పెట్టిన ఖర్చును వ్యాపార ఖర్చుగా పన్ను చట్టం ఈ ఏడాదే కాదు, ఏ ఏడాదీ ఒప్పుకోదు. ముందు ముందు తిరిగి రానిదాన్ని 25 శాతంతో గుణించి అసెట్ అని రాస్తే అది గాలిలో కట్టిన మేడ.

ఇప్పుడు మళ్లీ 2019కి వెళదాం. మన కంపెనీ దగ్గర పన్ను లెక్కలో 1,94,400 తరుగుదల మిగిలి ఉంది. దాని రేటు 25 కాక 34.944 శాతం అనుకుంటే అది ముందు ముందు 67,931 రూపాయల పన్ను తప్పిస్తుంది. రేటు 25.168కి పడితే అదే తరుగుదల తప్పించేది 48,927 మాత్రమే. అసెట్‌లో 19,004 ఆవిరైంది, అంతా ఆ ఏడాది లాభంలోంచే పోవాలి. రాబోయే ఏళ్లలో కట్టే పన్ను తగ్గడం మంచిదే, కానీ ఆ మంచి ఏటా కొంచెం కొంచెంగా వస్తుంది. నష్టం ఒక్కరోజులో రాసుకోవాలి.

బ్యాంకుల దగ్గర ఇది కోట్లలో ఎందుకుందంటే కారణం మొండి బకాయిలు. అప్పు వసూలు కాదేమోనని అనుమానం రాగానే బ్యాంకు పుస్తకాల్లో దానికి కేటాయింపు చేయాలి. పన్ను చట్టం ఆ కేటాయింపును ఒక పరిమితి దాకానే ఒప్పుకుంటుంది, మిగతాది ఆ అప్పును నిజంగా రద్దు చేసినప్పుడే. అంటే ఖర్చు పుస్తకాల్లో ముందు, పన్నులో తర్వాత. 2019 నాటికి ఏళ్ల తరబడి మొండి బకాయిలకు కేటాయింపులు చేసుకుంటూ వచ్చిన బ్యాంకుల్లో డిఫర్డ్ టాక్స్ అసెట్లు కొండల్లా పేరుకున్నాయి. అదే సమయంలో డిఫర్డ్ టాక్స్ లయబిలిటీ మోస్తున్న కంపెనీలకు రేటు తగ్గడం ఎదురుగా పనిచేసింది, బాకీ కరిగి లాభంలో కలిసింది. భారీ యంత్రాలున్న కంపెనీలకు తరచూ లయబిలిటీయే ఉంటుంది. యంత్రాల ఆయుష్షు పుస్తకాల్లో సాధారణంగా 15 ఏళ్లు, పన్ను తరుగుదల మిగిలిన విలువ మీద 15 శాతం. 5 శాతం తుక్కు విలువ మిగుల్చుకుంటే, కోటి రూపాయల యంత్రం విలువలో రెండు లెక్కల తేడా ఆరో ఏడాది చివరికి 24 లక్షలు దాటి, తర్వాత నెమ్మదిగా తగ్గుతూ వస్తుంది.

అన్నిటికన్నా అనుమానంగా చూడాల్సింది నష్టాల మీద రాసే అసెట్. ఈ ఏడాది కోటి నష్టం వస్తే, ముందు ముందు కోటి లాభం మీద పన్ను కట్టనక్కర్లేదు కాబట్టి పాతిక లక్షల అసెట్ రాసుకోవచ్చని వాదన. అలా రాస్తే ఈ ఏటి నష్టం 75 లక్షలుగానే కనిపిస్తుంది. కానీ ఆ అసెట్ పనికి రావాలంటే లాభాలు రావాలి. వ్యాపార నష్టాన్ని ఎనిమిదేళ్లకు మించి ముందుకు తీసుకెళ్లలేరు. తరుగుదల వల్ల మిగిలిన నష్టానికి మాత్రం ఆ గడువు లేదు. ఎక్కువ చిన్న కంపెనీలకు వర్తించే ఏఎస్ 22 అనే అకౌంటింగ్ ప్రమాణం ఇలాంటి అసెట్‌కు దాదాపు ఖాయం అనదగ్గ ఆధారం అడుగుతుంది, చేతిలో ఉన్న గట్టి ఆర్డర్ల లాంటివి. పెద్ద కంపెనీలు పాటించే ఇండ్ ఏఎస్ 12కు లాభాలు వచ్చే అవకాశమే ఎక్కువని చూపితే చాలు. అయినా వరసగా నష్టాల్లో ఉన్న కంపెనీ అయితే అదీ నమ్మించేంత ఆధారం అడుగుతుంది.

వార్షిక నివేదికలో డిఫర్డ్ టాక్స్ గురించిన నోటు ఒక పేజీ ఉంటుంది. అందులో ఏ అంశం మీద ఎంత అసెట్ ఉందో విడివిడిగా రాస్తారు. తరుగుదల, గ్రాట్యుటీ, బకాయిల కేటాయింపు వరసలు చూసేసి, పాత నష్టాల వరస దగ్గర ఆగండి. అక్కడ పెద్ద అంకె ఉండి, క్యాష్ ఫ్లో స్టేట్‌మెంటులో కట్టిన పన్ను ఏళ్ల తరబడి దాదాపు సున్నాగానే ఉంటే, ఆ అసెట్ ఎప్పుడు రద్దవుతుందా అని ఎదురుచూడాల్సిందే. రద్దు చేసిన ఏడాది ఆ మొత్తమంతా లాభనష్టాల ఖాతాలో పన్ను ఖర్చుగా ఒకేసారి దిగుతుంది.