ఒక టేబుల్ ఐటమ్స్ అన్నీ ఒకేసారి కదలాలంటే: కిచెన్ స్క్రీన్ మీద అపోహలు - వాస్తవాలు

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట దాటితే జడ్చర్ల, మహబూబ్‌నగర్ వైపు హైవే హోటళ్లలో ఒక్కసారిగా టేబుళ్లు నిండుతాయి. ఆ గంటన్నరలో కస్టమర్లకు కోపం తెప్పించేది ఆలస్యం ఒక్కటే కాదు. నలుగురిలో ఇద్దరి ముందు ప్లేటు ఉండి, మిగతా ఇద్దరు ఖాళీగా కూర్చోవడం అంతకంటే ఎక్కువ చికాకు పెడుతుంది. కిచెన్‌కు ఆర్డర్ వెళ్లే కాగితం చీటీ, అంటే కేఓటీ తీసేసి, ఆర్డర్లు చూపించే స్క్రీన్ పెట్టిన చాలా కిచెన్లలో కూడా ఇదే జరుగుతోంది. స్క్రీన్‌కు ఇచ్చిన లెక్క తప్పు కావడమే దీనికి ముఖ్య కారణం.

అపోహ: ప్రతి ఐటమ్‌కు వండే టైం ఎక్కిస్తే చాలు, మిగతాది స్క్రీనే చూసుకుంటుంది.

వాస్తవం: స్క్రీన్ చేసే లెక్క చాలా సులువు. టేబుల్‌లో అన్నిటికంటే ఎక్కువ టైం పట్టే ఐటమ్‌ను వెంటనే చూపిస్తుంది. తక్కువ టైం పట్టేవాటిని ఆ తేడా మేరకు ఆపి, తర్వాత ఆయా సెక్షన్లకు పంపుతుంది. రద్దీ లేనప్పుడు ఇది బాగానే నడుస్తుంది. రద్దీలో మాత్రం వండే టైం కంటే పొయ్యి ఖాళీ అయ్యేదాకా ఆగే టైమే పెద్దది. ఎక్కించిన నిమిషాల్లో ఆ ఆగే టైం ఉండదు.

ఒక టేబుల్ తీసుకొని చూద్దాం. 1:20కి ఆర్డర్ వచ్చింది: జొన్న రొట్టెలు 4, నాటుకోడి కూర, చికెన్ ఫ్రైడ్ రైస్, తందూరి చికెన్ హాఫ్, మటన్ బిర్యానీ. స్క్రీన్‌లో ఎక్కించిన టైంలు ఇవి: తందూరి 14 నిమిషాలు, ఫ్రైడ్ రైస్ 6, పొద్దున్నే చేసి పెట్టిన నాటుకోడి కూర వేడి చేసి దించడానికి 4, రొట్టె 3, దమ్ నుంచి బిర్యానీ తీసి పెట్టడానికి 2.

ఈ లెక్క ప్రకారం తందూరి 1:20కే మొదలై 1:34కు రెడీ అవుతుంది. రొట్టెల ఆర్డర్ 1:31కి గానీ రొట్టెల సెక్షన్‌కు కనపడదు. అక్కడ ఉన్నవి రెండు పెనాలు. ఒక్కో పెనం మీద ఒక్కో రొట్టె, చేత్తో తట్టి కాల్చి తీసేసరికి 3 నిమిషాలు. అప్పటికే ముందు 10 రొట్టెలు వరుసలో ఉంటే అవి అయ్యేసరికి 15 నిమిషాలు, ఆ తర్వాత ఈ నాలుగింటికి ఇంకో 6 నిమిషాలు. అంటే ఆఖరి రొట్టె పెనం దిగేది 1:52కు. తందూరి, కూర, బిర్యానీ మూడూ అప్పటిదాకా 18 నిమిషాలు పికప్ కౌంటర్ మీదే ఉంటాయి. చికెన్ ఎండిపోతుంది, కూర మీద నూనె తెట్టు కడుతుంది. లేదంటే వెయిటర్ ఉన్నవి తీసుకెళ్లిపోతాడు, రొట్టె లేకుండా కూర మాత్రం టేబుల్ మీదికి వస్తుంది.

అదే టేబుల్‌ను ఆగే టైం కలిపి లెక్కిస్తే అంతా మారిపోతుంది. రొట్టెలకు పట్టేది 3 నిమిషాలు కాదు, 21. ఫ్రైడ్ రైస్‌కు రెండు బర్నర్లు ఉండి ముందు నాలుగు కడాయిల పని ఉంటే 12 నిమిషాలు ఆగాలి, 6 నిమిషాలు వండాలి, మొత్తం 18. తందూర్‌లో చువ్వలకు చోటుంటే ఆగే పనే లేదు, 14 నిమిషాలే. కాబట్టి ఈ టేబుల్‌కు అసలు నిదానం ఐటమ్ జొన్న రొట్టె. 1:20కే రొట్టెల ఆర్డర్ చూపించాలి, 1:23కు ఫ్రైడ్ రైస్, 1:27కు తందూరి, 1:37కు కూర, 1:39కి బిర్యానీ. రద్దీ అదే స్థాయిలో ఉంటే 1:41కి అన్నీ కలిసి కదులుతాయి. మాస్టర్లలో ఎవరూ వేగం పెంచకుండానే టేబుల్‌కు 11 నిమిషాలు కలిసివచ్చాయి.

ఆగే టైం లెక్క కట్టడం కష్టమేం కాదు. ముందున్న వాటిని పెనాల సంఖ్యతో లేదా బర్నర్ల సంఖ్యతో భాగించి, ఒక్కోదానికి పట్టే నిమిషాలతో గుణించాలి. ముందున్నవి ఎన్నో స్క్రీన్‌లో ఐటమ్‌వారీ మొత్తం చూస్తే తెలుస్తుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు సెక్షన్ మీద పడ్డ భారాన్ని తామే లెక్కేస్తాయి. మీది అలాంటిది కాకపోతే రద్దీ గంటలకు ఒక పద్ధతి ఉంది: ఆగే టైం వండే టైం కంటే ఎక్కువైన సెక్షన్‌కు ఆపి చూపించే సెట్టింగ్ తీసేయండి. ఆ సెక్షన్‌కు ఆర్డర్ రాగానే కనపడాలి, మిగతా సెక్షన్లు దాన్నిబట్టి ఆగాలి. హైవే హోటళ్లలో ఆ సెక్షన్ ఎక్కువగా రొట్టెలదే, తర్వాత చైనీస్.

ఇంకొకటి గమనించండి. ఎక్కించిన టైం సాధారణంగా ఐటమ్‌కే గానీ సంఖ్యకు కాదు. తందూర్‌లో ఆరు నాన్‌లు గోడకు ఒకేసారి అంటుకుంటాయి, కాబట్టి ఒకటైనా ఆరైనా టైం దాదాపు అంతే. జొన్న రొట్టెకు అలా కుదరదు, ఒకటి పెరిగితే పెనం మీద 3 నిమిషాలు పెరిగినట్టే. రెండిటికీ ఒకే పద్ధతిలో టైం ఎక్కించడం వల్లనే రొట్టెలున్న టేబుళ్లు మళ్లీ మళ్లీ చెడిపోతాయి.

అపోహ: ఐటమ్ దాదాపు అయిపోయిందంటే బంప్ కొట్టేయొచ్చు, అంటే రెడీ అని స్క్రీన్ మీద నొక్కేయొచ్చు.

వాస్తవం: స్క్రీన్ ఎరుపెక్కుతోందని మాస్టర్ రెండు నిమిషాల ముందే బంప్ కొడితే, పికప్ దగ్గరున్న మనిషికి టేబుల్ రెడీ అని కనపడుతుంది. వెయిటర్ వచ్చి ఖాళీ చేతులతో నిలబడతాడు. అంతకంటే పెద్ద నష్టం రిపోర్టులో జరుగుతుంది. ఆర్డర్ కనపడినప్పటి నుంచి బంప్ దాకా పట్టిన టైంను బట్టే వచ్చే వారానికి కొత్త టైంలు ఎక్కిస్తాం. అదే అబద్ధమైతే పై లెక్కంతా అబద్ధమే. ప్లేటు కౌంటర్ మీద పెట్టాకే బంప్ కొట్టాలి. టైంలు సరిచేసేటప్పుడు కూడా సగటు చూడకండి. సగటు ఎక్కిస్తే చాలా ప్లేట్లు ఆ టైం దాటాకే వస్తాయి. పదింటిలో ఎనిమిది ప్లేట్లు ఎన్ని నిమిషాల్లోపు వచ్చాయో చూసి అది ఎక్కించండి.

అపోహ: ఒకే రకం ఐటమ్స్ ఎన్ని ఉంటే అన్నీ కలిపి వండేస్తే పని తొందరగా తేలుతుంది.

వాస్తవం: పక్కపక్కన ఉన్న టేబుళ్ల ఫ్రైడ్ రైస్ రెండు, మూడు ప్లేట్ల వరకు ఒకే కడాయిలో వేయడం మంచిదే, బర్నర్ ఖాళీ అవుతుంది. కానీ పది నిమిషాల తర్వాత కదలాల్సిన టేబుల్ ప్లేటును కూడా లాగి వేస్తే అది చల్లారి కూర్చుంటుంది. పైగా కడాయి నిండితే మంట సరిపోక అన్నం ముద్దవుతుంది. రెండు, మూడు నిమిషాల తేడాలో కదిలే టేబుళ్లనే కలపండి.

అపోహ: ఒక ఐటమ్ మాడితే ఇక ఆ టేబుల్ చెడినట్టే.

వాస్తవం: ఏది ఆగగలదో తెలిస్తే సర్దుకోవచ్చు. బిర్యానీ దమ్‌లోనే ఉంటుంది, తీయకపోతే చాలు. కూర సన్న మంట మీద ఆగుతుంది. తందూరి చికెన్‌ను మొదట ముప్పావు వంతు కాల్చి పక్కన వేలాడదీసి, ఆఖరి 4 నిమిషాలు పిలుపు వచ్చాక పూర్తిచేయొచ్చు. జొన్న రొట్టెలు గుడ్డలో చుట్టి హాట్ బాక్సులో పెడితే కొద్ది నిమిషాలు మెత్తగా ఉంటాయి, ఆ తర్వాత బిరుసెక్కుతాయి. వేపుళ్లు మాత్రం ఆగవు, మూత పెడితే మెత్తబడతాయి. అందుకే మాడిన ఐటమ్‌ను రీకాల్ చేసి, అంటే స్క్రీన్ మీదికి తిరిగి రప్పించి, వరుసలో పైకి తెచ్చాక, పికప్ మనిషి మొదట గట్టిగా చెప్పాల్సింది వేపుడు సెక్షన్‌కు: "తొమ్మిదో టేబుల్ ఆపు అన్నా, ఇంకా నూనెలో వెయ్యకు."

మధ్యలో "ఇంకో రెండు రొట్టెలు" అంటే దాన్ని పాత ఆర్డర్‌లో కలపకూడదు. కొన్ని స్క్రీన్లలో అలా కలిపితే టేబుల్ మొత్తానికి టైం మళ్లీ మొదలవుతుంది. కొత్త ఆర్డర్‌గానే కొట్టి, వరుసలో ముందుకు జరపాలి.

రొట్టెల వరుస 25 నిమిషాలు దాటిందంటే ఏ సెట్టింగూ పనిచేయదు. అప్పుడు కెప్టెన్ ఆర్డర్ రాసుకునే దగ్గరే "జొన్న రొట్టెకు అరగంట పడుతుంది సార్, పుల్కా అయితే తొందరగా వస్తుంది" అని చెప్పాలి. లేదా మూడో పెనం వెలిగించి ఇంకో మనిషిని నిలబెట్టాలి.