ఎస్ఎస్‌డీలో ఖాళీ ఎందుకు ఉంచాలి: రేకు పలక లెక్క

ఒక పాఠకుడు ఇలా అడిగారు: "ఎస్ఎస్‌డీని నిండా నింపితే త్వరగా పాడవుతుందని అందరూ అంటున్నారు. ఇది నిజమేనా, లేక ఎవరో పుట్టించిన నమ్మకమా?"

నిజమే. హార్డ్ డిస్క్ విషయంలో పెద్దగా పట్టించుకోనక్కర్లేని ఈ మాట ఎస్ఎస్‌డీ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు నిజమైందో చెప్పడానికి నాకు రేకు పలకను మించిన ఉదాహరణ దొరకలేదు.

చిన్నప్పటి పలక ఊహించుకోండి. దాని మీద వరుసగా గీతలున్నాయి, ఖాళీగా ఉన్న గీత మీద ఎప్పుడైనా రాయొచ్చు. కానీ ఒక షరతు. తప్పు రాస్తే ఆ ఒక్క వరుసను వేలితో చెరపడం కుదరదు, కొట్టేసి వదిలేయాలంతే. చెరపాలంటే పలక మొత్తాన్ని బకెట్లో ముంచి కడగాలి. కడిగిన ప్రతిసారీ నల్లరంగు కాస్త పోతుంది. కొన్ని వేల కడుగుళ్ల తర్వాత ఆ పలక మీద బలపం అంటుకోదు.

ఎస్ఎస్‌డీ సమాచారాన్ని దాచుకునే ఫ్లాష్ మెమరీ అచ్చంగా ఇదే. వరుసను పేజీ అంటారు, పలకను బ్లాక్ అంటారు. పేజీ 16 కిలోబైట్లు, బ్లాక్‌లో 256 పేజీలు అనుకుందాం, అంటే ఒక పలక 4 మెగాబైట్లు. ఈరోజు చిప్పుల్లో పలకలు ఇంతకంటే పెద్దవే.

ఒక్క వరుసనే ఎందుకు చెరపలేం? సమాచారం ఎలక్ట్రాన్ల రూపంలో, కొన్ని నానోమీటర్ల మందం మాత్రమే ఉన్న ఆక్సైడ్ పొర వెనక బందీగా ఉంటుంది. చెరపడమంటే దాదాపు 20 వోల్టులు పెట్టి వాటిని ఆ పొర గుండా బయటికి లాగడం. ఆ వోల్టేజీని ఎలక్ట్రాన్లను దాచే ఒక్కో చిన్న గదికి, అంటే సెల్‌కి, విడిగా ఇవ్వరు, బ్లాక్ మొత్తానికి ఉమ్మడిగా ఉన్న సిలికాన్‌కి ఇస్తారు. విడివిడిగా ఇవ్వాలంటే ప్రతి సెల్ పక్కనా అదనపు తీగలు కావాలి, చిప్పు ధర పెరుగుతుంది. తోషిబాలో ఫుజియో మసువోకా 1980లలో ఈ మెమరీని రూపొందించినప్పుడు ఎంచుకున్న దారే ఇది: చెరిపే స్వేచ్ఛను వదులుకుని చవగ్గా చేయడం. కెమెరా ఫ్లాష్‌లా ఒక్కసారిగా అంతా చెరిగిపోతుంది కాబట్టే ఆ పేరు. ఎలక్ట్రాన్లు పొర గుండా వెళ్లినప్పుడల్లా కొన్ని అందులోనే ఇరుక్కుపోతాయి, పొర దెబ్బతింటుంది. రంగు పోవడమంటే ఇదే.

కంప్యూటర్ పాఠాల్లో ఇప్పటికీ 'ఫైలు మీద ఓవర్‌రైట్ అవుతుంది' అని నేర్పిస్తున్నాం. అది హార్డ్ డిస్క్ కాలపు మాట. ఫ్లాష్‌లో ఏదీ ఉన్నచోటే మారదు. మీరు ఒక డాక్యుమెంట్‌లో అక్షరం దిద్ది సేవ్ చేస్తే, డిస్క్‌ను నడిపే చిప్పు, అంటే కంట్రోలర్, కొత్త ప్రతిని వేరే పలకలో ఖాళీ వరుస మీద రాస్తుంది, పాత వరుసను కొట్టేసినట్టు గుర్తు పెట్టుకుంటుంది.

ఇప్పుడు అసలు లెక్క. ఖాళీ వరుసలు అయిపోవస్తున్నాయి, ఏదో ఒక పలక కడగాలి. కానీ అందులో కొట్టేసినవాటితో పాటు ఇంకా పనికొచ్చే వరుసలూ ఉన్నాయి. వాటిని ముందు వేరే పలకలోకి ఎత్తి రాయాలి, ఆ తర్వాతే కడగాలి. దీన్నే గార్బేజ్ కలెక్షన్ అంటారు.

256 వరుసల్లో 128 పనికొచ్చేవి అనుకోండి. ఆ 128 ఎత్తి రాస్తే కొత్త సమాచారానికి 128 వరుసల చోటు దొరికింది. అంటే మీరు 128 రాయడానికి చిప్పు మీద మొత్తం 256 వరుసల రాత జరిగింది, రెండింతలు. పనికొచ్చేవి 192 ఉంటే? ఎత్తి రాసేది 192, మిగిలే చోటు 64. నాలుగింతలు. 240 ఉంటే మిగిలేది 16 వరుసలే, రాత 16 రెట్లు! ఈ హెచ్చింపునే రైట్ ఆంప్లిఫికేషన్ అంటారు. సగం నుంచి మూడు వంతులకు వెళ్తే రెట్టింపైంది, అక్కడి నుంచి ఇంకొంచెం నిండేసరికి ఒక్కసారిగా పైకి లేచింది. ఖాళీ ఉంచమనే సలహా అంతా ఈ మూడు లెక్కల్లోనే ఉంది.

కంట్రోలర్ కూడా ఎక్కువ కొట్టివేతలున్న పలకనే వెతికి కడుగుతుంది. కానీ డిస్క్ నిండుగా ఉండి, రాత చిన్న చిన్న ముక్కలుగా అన్నిచోట్లా పడుతుంటే, దొరికే వాటిలో మంచి పలక కూడా దాదాపు నిండే ఉంటుంది. ఇంకో చిక్కు, మీరు సినిమా డిలీట్ చేసిన సంగతి డిస్క్‌కి తనంతట తెలియదు. ట్రిమ్ అనే ఆదేశంతో ఆపరేటింగ్ సిస్టమ్ చెప్పాలి. చెప్పకపోతే చచ్చిన సినిమాను కూడా పనికొచ్చే సమాచారమనుకుని పలక నుంచి పలకకు మోస్తూనే ఉంటుంది.

ఇక వేర్ లెవెలింగ్, అంటే అరుగుదలను పలకలన్నిటికీ సమంగా పంచడం. మీ పెళ్లి ఫొటోలు ఉన్న పలకలు ఏళ్ల తరబడి కదలవు, వాటి రంగు కొత్తగానే ఉంటుంది. మిగతా కొద్ది పలకలే రోజూ నానుతూ అరిగిపోతాయి. అందుకే కంట్రోలర్ ప్రతి బ్లాక్‌ను ఎన్నిసార్లు చెరిపిందో లెక్క రాసుకుంటుంది. తేడా బాగా పెరిగితే, కదలని ఫొటోలను పనిగట్టుకుని అరిగిన పలకల్లోకి మార్చి, కొత్తగా ఉన్న పలకలను రోజువారీ పనికి తీసుకుంటుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ మార్చడం కూడా రాతే, అంటే అదీ అరుగుదలే. అందుకని మరీ తరచుగా చేయకూడదు, మరీ వదిలేయకూడదు. ఈ తూకమే కంట్రోలర్ రాసేవాళ్ల అసలు విద్య అని నా అభిప్రాయం.

అయితే అరుగుదలను సమంగా పంచితే సరిపోదు, పంచడానికి తగినన్ని పలకలుండాలి. 2021లో అమెరికాలో టెస్లా దాదాపు 1,35,000 పాత మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్లను వెనక్కి పిలిచింది. మధ్య స్క్రీన్‌ను నడిపే కంప్యూటర్‌లో 8 జీబీ ఫ్లాష్ చిప్పు అరిగిపోతే వెనక కెమెరా దృశ్యం కూడా రాకుండా పోయేది. ఆ చిప్పు ఒక్కో బ్లాక్ సుమారు 3,000 చెరుపులకు తట్టుకుంటుంది. సగటున రోజుకు ఒక్కో బ్లాక్ 1.4 సార్లు చెరిగేది. 3,000ని 1.4తో భాగించండి, 2,143 రోజులు, ఆరేళ్లకు కాస్త తక్కువ. 1.4ని 8 జీబీతో గుణిస్తే చిప్పు మీద రోజుకు 11 జీబీ రాత, అంతే. ల్యాప్‌టాప్‌లోని 512 జీబీ డిస్క్‌కి అది లెక్కలోకి రాదు. మరమ్మతులో 64 జీబీ చిప్పు పెట్టారు. అదే రాత ఎనిమిదింతల పలకల మీదికి పరుచుకుంటుంది, ఒక్కో పలక వంతు రోజుకు 0.18 చెరుపులకు దిగుతుంది.

మీ డిస్క్ ఎంత అరిగిందో చూడొచ్చు. డిస్క్ ఎన్‌వీఎంఈ రకమై, లినక్స్‌లో స్మార్ట్‌మోన్‌టూల్స్ ఉంటే:

```
sudo smartctl -a /dev/nvme0
```

ఇందులో `Percentage Used` అనేది తయారీదారు లెక్కగట్టిన ఆయుష్షులో ఎంత ఖర్చయిందో చెబుతుంది. అది 100 దాటినా డిస్క్ అక్కడే ఆగిపోదు. `Available Spare` మాత్రం జాగ్రత్తగా చూడండి. పాడైన పలకల స్థానంలో పెట్టడానికి విడిగా ఉంచినవి ఎన్ని శాతం మిగిలాయో అది చెబుతుంది. 100 నుంచి దిగడం మొదలైతే బ్యాకప్ వెంటనే తీసుకోండి. `Data Units Written`లో ఒక్కో యూనిట్ 5,12,000 బైట్లు, కానీ అది మీరు రాసిన లెక్క. లోపల కంట్రోలర్ ఎత్తి రాసినది అందులో ఉండదు. మీరు రాసింది తక్కువే ఉన్నా అరుగుదల శాతం గబగబా పెరుగుతుంటే, రాత లోపల ఎన్నో రెట్లవుతోందేమోనని అనుమానించాలి. డిస్క్ కిటకిటలాడుతుంటే ఐదో వంతు ఖాళీ చేసి, ట్రిమ్ నడిపి, నెల తర్వాత మళ్లీ ఆ అంకె చూడండి.