రీసైకిల్ బిన్ ఖాళీ చేశాక ఫైలు ఎక్కడుంటుంది?

మా పిన్ని ఊళ్లో ఆడవాళ్ల దగ్గర కూర్చుని రాసుకున్న నాట్ల పాటలన్నీ వర్డ్‌లో ఒకే ఫైల్లో పెట్టుకుంది. పేరు కూడా తెలుగులోనే, "నాట్ల పాటలు.docx" అని. పాత లాప్‌టాప్, లోపల తిరిగే హార్డ్ డిస్కు, ఫైలు D డ్రైవ్‌లో. ఒకరోజు డిస్కు నిండిందని చెత్త తీసేస్తూ దాన్నీ తీసేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసేసింది. ఫోన్ చేసినప్పుడు గొంతు వణుకుతోంది. నేను చెప్పింది ఒకటే: "పిన్నీ, ముందు లాప్‌టాప్ ఆపేయి, మళ్లీ ఆన్ చెయ్యకు."

ఎందుకంటే విండోస్ ఫైలును తీసేసేటప్పుడు డేటాను చెరపదు. డిస్కును ఎన్టీఎఫ్ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేసినప్పుడు అందులో మాస్టర్ ఫైల్ టేబుల్ అని ఒక పెద్ద పట్టిక ఏర్పడుతుంది, తెర మీద దాని పేరు $MFT. ప్రతి ఫైలుకూ, ప్రతి ఫోల్డరుకూ అందులో ఒక రికార్డు ఉంటుంది, మామూలుగా ఒక్కోటి 1024 బైట్లు. పేరు, తేదీలు, డేటా డిస్కులో ఎక్కడుందో ఆ చిరునామా, అన్నీ ఆ రికార్డులోనే. ఫైలు తీసేస్తే విండోస్ ఆ రికార్డులో "వాడుకలో ఉంది" అన్న గుర్తును తీసేస్తుంది, ఆ చోటు ఖాళీ అని లెక్కల్లో రాసుకుంటుంది, ఫోల్డరు జాబితాలోంచి పేరు తొలగిస్తుంది. చిరునామాను మాత్రం ముట్టుకోదు. ఇంకో కొత్త ఫైలు వచ్చి ఆ రికార్డునో, ఆ చోటునో ఆక్రమించేదాకా అంతా అలాగే పడి ఉంటుంది. మెషీన్ ఆపేయమన్నది అందుకే, విండోస్ ఊరికే నడుస్తున్నా ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది.

డిస్కు ఊడదీసి, లినక్స్ మెషీన్‌కు తగిలించి, D భాగం మొత్తాన్ని d.img అనే ఒక్క ఫైలుగా కాపీ తీశాను. ఆ తర్వాత పనంతా కాపీ మీదే, అసలు డిస్కు జోలికి పోలేదు. పట్టికలో రికార్డు నంబరు 0 ఆ పట్టికదే, కాబట్టి డిస్కు కాపీలను లోతుగా పరిశీలించే స్లూత్ కిట్ అనే సాధనాల్లోని icat తో మొత్తం పట్టికను బయటికి తీయొచ్చు:

```
icat d.img 0 > mft.bin
```

ఇప్పుడు పేరు వెతకాలి. ఇక్కడే చాలామంది తప్పుదారి పడతారు. ఒకటి, పేర్లు ఇందులో ఒక్కో అక్షర సంకేతానికి రెండేసి బైట్లుగా ఉంటాయి. తెలుగు సంకేతాలన్నిటికీ రెండో బైటు 0C, అంటే "న" 28 0C, దీర్ఘం 3E 0C, "ట" 1F 0C. తెలుగు పేరు ఇలా హెక్స్‌లో, అంటే పదహారు ఆధారంగా రాసే అంకెల్లో, చూస్తే ఒకటి విడిచి ఒకటి 0C కనిపిస్తుంది, కాస్త అలవాటైతే దూరం నుంచే పట్టేయొచ్చు. రెండోది, ఫైలు రీసైకిల్ బిన్‌లోకి వెళ్లగానే విండోస్ దాని పేరు మార్చేస్తుంది. డేటా ఉన్న ఫైలుకు $R తో మొదలయ్యే పేరు వస్తుంది, అసలు పేరూ తీసేసిన సమయమూ $I తో మొదలయ్యే ఇంకో చిన్న ఫైల్లోకి వెళ్తాయి, వెనకుండే ఆరు అక్షరాలు రెండిటికీ ఒకటే. కాబట్టి బిన్ ఖాళీ చేశాక అసలు రికార్డులో "నాట్ల పాటలు" అని వెతికితే దొరకదు, $I ఫైలు ద్వారా చుట్టు తిరిగి రావాలి.

```
LC_ALL=C grep -obUaP '\x28\x0C\x3E\x0C\x1F\x0C' mft.bin
```

53150040 దగ్గర దొరికింది. దాన్ని 1024 తో భాగిస్తే 51904, అదే రికార్డు నంబరు. తెరిచి చూస్తే $IK7Q2MD.docx. అందులో ఫైలు సైజు 2,27,840 బైట్లని, పూర్తి దారి D:\Patalu\ తో సహా కనిపించింది. ఇంకేం, K7Q2MD అని వెతికితే దాని జోడీ $R రికార్డు 48213 దగ్గర తగిలింది.

ఆ రికార్డు FILE అన్న నాలుగు అక్షరాలతో మొదలైంది. సున్నా నుంచి లెక్కిస్తే 22వ బైటు దగ్గర 00 00 ఉంది. బతికున్న ఫైలుకైతే అక్కడ 01 00 ఉండాలి, కాబట్టి ఇది తీసేసిన ఫైలే, పైగా రికార్డును ఇంకా ఎవరూ ఆక్రమించలేదు. కాస్త కిందికి వెళ్తే 80 00 00 00 అని మొదలయ్యే భాగం, అది డేటా వివరం. దాని చివర్లో చిరునామా ఇలా ఉంది:

```
31 28 40 E2 01 21 10 9C FF 00
```

దీన్ని చేత్తో చదవడం నేర్చుకుంటే ఎంతో ధైర్యం వస్తుంది. మొదటి 31 లో రెండో అంకె 1 అంటే "పొడవు ఒక బైటు", ముందున్న 3 అంటే "చోటు మూడు బైట్లు". డిస్కు చోటును ఎన్టీఎఫ్ఎస్ క్లస్టర్లనే సమానమైన గడులుగా లెక్కిస్తుంది. పొడవు 28, అది హెక్స్ కాబట్టి 40 క్లస్టర్లు. చోటు 40 E2 01, వెనక నుంచి చదవాలి, 01E240 అంటే 123456వ క్లస్టరు. తర్వాత 21: పొడవు 10 అంటే 16 క్లస్టర్లు, చోటు FF9C. ఇది మైనస్ సంఖ్య, -100. రెండో ముక్క చోటు ఎప్పుడూ ముందు ముక్క మొదలు నుంచి లెక్క, అంటే 123456 లోంచి 100 తీసేస్తే 123356. ఈ మైనస్ సంగతి మర్చిపోయి డిస్కులో ఎక్కడో సంబంధం లేని చోట వెతికి "డేటా పోయింది" అనుకునేవాళ్లున్నారు. చివరి 00 తో చిరునామా అయిపోయింది.

ఒక్కో క్లస్టరు 4096 బైట్లు కాబట్టి రెండు ముక్కలూ తీసి అతికించి, అసలు సైజు దగ్గర కోస్తే సరి:

```
dd if=d.img bs=4096 skip=123456 count=40 > p.docx
dd if=d.img bs=4096 skip=123356 count=16 >> p.docx
truncate -s 227840 p.docx
unzip -t p.docx
```

కోయడం ఎందుకంటే 56 క్లస్టర్లు అంటే 2,29,376 బైట్లు, చివరి 1536 బైట్లు మన ఫైలువి కావు. docx లోపల జిప్ ఫైలే కాబట్టి చివరి కమాండ్ అసలైన పరీక్ష. ఒక్క క్లస్టరు మీద ఇంకేదైనా రాసి ఉంటే ఏదో ఒక ముక్క దగ్గర లెక్క తప్పి ఎర్రర్ వస్తుంది. మనకు అన్ని వరసల్లోనూ OK వచ్చింది. icat కు 48213 ఇచ్చినా ఇదే పని చేసి పెడుతుంది, కానీ అది ఇచ్చిన ఫైలు తెరుచుకోకపోతే ఎందుకో తెలియాలంటే ఈ లెక్క రావాలి. ఒక జాగ్రత్త, రికార్డులో ప్రతి 512 బైట్లకూ చివరి రెండు బైట్లు అసలైనవి కావు. ఎన్టీఎఫ్ఎస్ వాటి స్థానంలో సరిచూసుకునే గుర్తు పెట్టి, అసలైనవాటిని రికార్డు మొదట్లో దాస్తుంది. చిరునామా సరిగ్గా ఆ చోట పడితే దాన్ని తిరిగి మార్చుకుని చదవాలి.

ఇదంతా పాత హార్డ్ డిస్కు కథ. ఎస్ఎస్‌డీ అయితే ఫైలు తీసేయగానే విండోస్ "ఈ చోటు ఇక నాకు అక్కర్లేదు" అని డిస్కుకు చెప్పేస్తుంది, ట్రిమ్ అంటారు దాన్ని. ఆ తర్వాత రికార్డు చక్కగా దొరుకుతుంది, చిరునామా సరిగ్గానే ఉంటుంది, అక్కడికి వెళ్లి చూస్తే మాత్రం సాధారణంగా అన్నీ సున్నాలే. ఒక కుర్రాడి కొత్త లాప్‌టాప్‌లో పోయిన ఫొటోలు వెతికినప్పుడు అదే జరిగింది, ప్రతి ఫొటో పేరూ సైజూ ఉన్నాయి, లోపల ఏమీ లేదు. టెన్షన్‌తో వాడు పక్కనే నిలబడి ఉన్నాడు, చెప్పడానికి నాకు నోరు రాలేదు.

కానీ ఆ డిస్కులోనే వాడి చిన్న నోట్‌ప్యాడ్ ఫైళ్లు కొన్ని అక్షరం పోకుండా వచ్చాయి. దాదాపు 700 బైట్లలోపు ఫైలైతే ఎన్టీఎఫ్ఎస్ దానికి వేరే చోటు ఇవ్వదు, డేటాను రికార్డులోనే పెట్టేస్తుంది. ట్రిమ్ పట్టికను తాకదు కాబట్టి అది మిగిలిపోతుంది. తెలుగులో రాసి యూటీఎఫ్-8 లో సేవ్ చేస్తే ఒక్కో సంకేతానికి మూడు బైట్లు, అంటే సుమారు 230 సంకేతాలు, నాలుగు పాదాల పద్యం ఒకటి అందులో పడుతుంది. వాడి ఫైళ్లలో ఒకటి వాళ్ల తాతయ్య చెప్పి రాయించిన పద్యమే.