ఆరు ఋతువులు, పన్నెండు నెలలు: పంచాంగం చూసేవాడిగా నేను తరచూ వినే అపోహలు

తిరుపతిలో ముహూర్తాలు పెట్టడం, పంచాంగం చెప్పడం నా వృత్తి. తిథుల గురించి, దుర్ముహూర్తాల గురించి జాగ్రత్తగా అడిగేవాళ్లు కూడా ఋతువు దగ్గరికి వచ్చేసరికి బడిలో నేర్చుకున్న పట్టికనే నమ్ముకుంటారు. ఆ పట్టిక సగమే నిజం. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: వసంతం అంటే మార్చి, ఏప్రిల్. ప్రతి ఋతువుకూ రెండు ఇంగ్లీషు నెలలు ఖాయం.

జంటలు మాత్రం ఖాయమే. చైత్ర వైశాఖాలు వసంతం, జ్యేష్ఠ ఆషాఢాలు గ్రీష్మం, శ్రావణ భాద్రపదాలు వర్షం, ఆశ్వయుజ కార్తీకాలు శరత్తు, మార్గశిర పుష్యాలు హేమంతం, మాఘ ఫాల్గుణాలు శిశిరం. వీటిలో మార్పు ఉండదు. మారేది ఇంగ్లీషు తేదీ.

పన్నెండు చాంద్రమాసాలు కలిపితే సుమారు 354 రోజులు. సూర్యుడి ఏడాది కంటే దాదాపు పదకొండు రోజులు తక్కువ. ఉగాది తేదీలు వరసగా చూడండి: 2022లో ఏప్రిల్ 2, 2023లో మార్చి 22, 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30, 2026లో మార్చి 19. పది పదకొండు రోజుల చొప్పున వెనక్కి జరుగుతూ వచ్చి, 2024లో ఒక్కసారిగా ముందుకు దూకింది. ఆ దూకుడుకు కారణం అధికమాసం, దాని సంగతి కింద చెబుతాను.

ఎంత జరిగినా ఉగాది జనవరికి పోదు, జూన్‌కీ పోదు. ఏ చాంద్రమాసంలో సూర్యుడు మేషంలోకి అడుగుపెడతాడో అదే చైత్రం. మేష సంక్రమణం ఏప్రిల్ 14 ప్రాంతంలో వస్తుంది కాబట్టి చైత్ర శుద్ధ పాడ్యమి మార్చి నడుమ నుంచి ఏప్రిల్ నడుమ లోపే పడాలి. మిగతా ఋతువులకూ ఇదే లెక్క. అవి మొదలయ్యే హద్దులు ఉజ్జాయింపుగా ఇవి:

- వసంతం: మార్చి నడుమ నుంచి ఏప్రిల్ నడుమ లోపు
- గ్రీష్మం: మే నడుమ నుంచి జూన్ నడుమ లోపు
- వర్షం: జూలై నడుమ నుంచి ఆగస్టు నడుమ లోపు
- శరత్తు: సెప్టెంబరు నడుమ నుంచి అక్టోబరు నడుమ లోపు
- హేమంతం: నవంబరు నడుమ నుంచి డిసెంబరు నడుమ లోపు
- శిశిరం: జనవరి నడుమ నుంచి ఫిబ్రవరి నడుమ లోపు

సంక్రాంతి పండుగ ఎప్పుడూ హేమంతంలోనే ఎందుకు వస్తుందో కూడా ఇందులోనే ఉంది. మకర సంక్రమణం జరిగే చాంద్రమాసానికే పుష్యమని పేరు.

అపోహ: అధికమాసం ఏ ఋతువుకూ చెందదు, లెక్కలోంచి తీసేసిన నెల.

తీసేసిన నెల కాదు, ఋతువును పొడిగించిన నెల. 2023నే తీసుకుందాం. ఆ ఏడాది జూలై 17న తెల్లవారకముందే సూర్యుడు కర్కాటకంలోకి వెళ్లాడు. ఆ రాత్రే అమావాస్య ముగిసి, 18న కొత్త నెల మొదలైంది. ఆ నెల ఆగస్టు 16న అమావాస్యతో పూర్తయింది. సూర్యుడు సింహంలోకి వెళ్లింది ఆగస్టు 17న. అంటే ఆ నెల మొత్తంలో ఒక్క సంక్రమణం కూడా లేదు. సంక్రమణం లేని నెలకు సొంత పేరు రాదు, తర్వాత వచ్చే నెల పేరే దానికీ పెడతారు. అలా అది అధిక శ్రావణమైంది. ఆగస్టు 17 నుంచి సెప్టెంబరు 15 దాకా నిజ శ్రావణం, ఆ తర్వాత అక్టోబరు 14 దాకా భాద్రపదం.

వర్ష ఋతువు జూలై 18న మొదలై అక్టోబరు 14న ముగిసింది. మామూలుగా 59 రోజులుండేది, ఆ ఏడాది 89 రోజులు నడిచింది. అధిక శ్రావణంలో చేసిన సంకల్పంలోనూ "వర్ష ఋతౌ" అనే చెప్పాలి. వరలక్ష్మీ వ్రతం మాత్రం నిజ శ్రావణంలో, ఆగస్టు 25న చేసుకున్నాం.

దీని ప్రభావం మన కొండ మీదే కనబడింది. ఆ ఏడాది తిరుమలలో బ్రహ్మోత్సవాలు రెండుసార్లు జరిగాయి. రెండోది భక్తుల రద్దీ కోసం పెట్టారని చాలామంది నాతో అన్నారు. అది తప్పు. సాలకట్ల బ్రహ్మోత్సవాలు సూర్యుడు కన్యలో ఉండే నెలను, అంటే మన జిల్లాలో పెరటాసి అని పిలిచే నెలను, పట్టుకుని నడుస్తాయి. స్వామివారి శ్రవణా నక్షత్రం నాటికి చక్రస్నానం జరగాలి. నవరాత్రులు చాంద్రమానపు ఆశ్వయుజ శుద్ధ పాడ్యమిని పట్టుకుంటాయి. మామూలు ఏడాదిలో ఈ రెండూ ఒకే చోట కలుస్తాయి. 2024లో అక్టోబరు 4 నుంచి 12 దాకా, 2025లో సెప్టెంబరు 24 నుంచి అక్టోబరు 2 దాకా ఒక్క ఉత్సవమే చాలింది.

2023లో అధిక శ్రావణం వల్ల ఆశ్వయుజం అక్టోబరు 15 దాకా రాలేదు. కన్యామాసం సెప్టెంబరు 17నే మొదలై, అక్టోబరు 17తో అయిపోతోంది. అందుకే సాలకట్ల ఉత్సవాలు సెప్టెంబరు 18 నుంచి 26 దాకా భాద్రపదంలో, వర్ష ఋతువులో జరిగాయి. నవరాత్రి బ్రహ్మోత్సవాలు అక్టోబరు 15 నుంచి 23 దాకా ఆశ్వయుజంలో, శరత్తులో జరిగాయి. నవరాత్రి ఉత్సవాల్లో ధ్వజారోహణం ఉండదు, గమనించి ఉంటారు.

అపోహ: ఒకే రోజు రెండిళ్లలో రెండు ఋతువులు చెబితే ఒకరిది తప్పు.

చిత్తూరు వైపు ఈ తగువు ఎక్కువ. పక్కపక్కన తెలుగు ఇల్లు, తమిళ ఇల్లు ఉంటాయి. 2026 మార్చి 19న తెలుగింట్లో ఉగాది, "వసంత ఋతౌ". అదే రోజు తమిళింట్లో ఇంకా పంగుని నెల, కాబట్టి శిశిరమే. వాళ్లకు వసంతం చిత్తిరై మొదటి రోజున, ఏప్రిల్ 14న వస్తుంది. మనది చాంద్రమానం, వాళ్లది సౌరమానం. రెండూ ఒప్పే. ఒకే సంకల్పంలో రెంటినీ కలిపేస్తేనే తప్పు.

అపోహ: మన వాన వర్ష ఋతువులోనే పడుతుంది.

"ఏం సామీ, వర్ష ఋతువు అయిపోయిందంటివే, ఇంకా కుండపోతేంది?" అని కార్తీకంలో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. శ్రావణ భాద్రపదాల్లో నైరుతి వానలు మనకూ పడతాయి. కానీ ఈ ప్రాంతాన్ని ముంచెత్తే వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతం వాయుగుండాలతో, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. పంచాంగంలో అప్పటికి శరత్తు, ఆ వెనక హేమంతం.

2021 నవంబరు 18న తిరుపతిని వరద ముంచిన రోజు గుర్తుందా? ఘాట్ రోడ్లు మూసేశారు, కపిలతీర్థం దగ్గర జలపాతం ఉగ్రంగా దూకింది. మర్నాడే కార్తీక పౌర్ణమి. శరదృతువులో నాలుగింట మూడు వంతులు గడిచిన రోజులవి. వెన్నెల ఋతువని మనం చెప్పుకునే కాలంలో నీళ్లు ఇళ్లలోకొచ్చాయి. పంచాంగం తప్పింది లేదు. ఋతువుల పేర్లు దేశమంతటికీ ఒకటే, వాన మాత్రం ఊరిని బట్టి వస్తుంది. అదే కారణంగా వైశాఖంలో మన ఎండ చూసి వసంతాన్ని తప్పుపట్టనక్కర్లేదు.

సేద్యం చేసేవాళ్లు విత్తనానికి చాంద్రమాసం చూడరు, కార్తె చూస్తారు. కార్తె సూర్యుడి నక్షత్రం కాబట్టి ఇంగ్లీషు తేదీతో పెద్దగా తేడా రాదు. రోహిణి ఏటా మే 25 ప్రాంతంలో, మృగశిర జూన్ 8 ప్రాంతంలో వచ్చేస్తాయి. పూజకు ఋతువు కావాలంటే పంచాంగంలో మాసం పేరు చూడండి. పొలానికి కాలం కావాలంటే కార్తె చూసి, ఆ వారం వాతావరణ శాఖ చెప్పిన మాట కూడా వినండి.