పిట్టగోడ కింది పగులు పూత వేసినా ఎందుకు విచ్చుకుంటుంది?

మిర్యాలగూడ నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "డాబా మీద పిట్టగోడ మొదట్లో సన్నటి పగులు ఉండేది. సిమెంటు పూయిస్తే మళ్ళీ విచ్చింది. పోయినేడాది రబ్బరులా సాగే పూత వేయించాం. ఆ వానాకాలం చుక్క నీరు దిగలేదు. ఈ ఏడు తొలకరికే గదిలో గోడ పైభాగం తడిసింది. మాకు నకిలీ పూత అంటగట్టారా?"

పూత మంచిదే అయినా ఇలా జరగవచ్చు. ఆ పగులు రోజూ కదులుతుంది. నల్లగొండ వైపు మే నెలలో గాలి వేడే 44 డిగ్రీలు దాటుతుంది. ఎండలో కాలే స్లాబు పైభాగం అంతకంటే చాలా వేడెక్కుతుంది. తెల్లవారుజాముకు చల్లబడుతుంది. స్లాబు మందమంతా కలిపి సగటున 20 డిగ్రీల తేడా అనుకుందాం. కాంక్రీటు మీటరు పొడవుకు, డిగ్రీకి సుమారు మిల్లీమీటరులో వందో వంతు సాగుతుంది. 12 మీటర్ల ఇంట్లో స్లాబు నడిమి భాగం నిలకడగా ఉంటే, ఒక్కో కొస 6 మీటర్ల సాగుదలను మోస్తుంది. అంటే రోజుకు 1.2 మిల్లీమీటర్లు. ఇటుక గోడ దాదాపు అందులో సగమే సాగుతుంది. మిగిలిన 0.6 మిల్లీమీటర్ల తేడా ఎక్కడో తీరాలి. స్లాబుకూ మొదటి ఇటుక వరుసకూ మధ్య ఉన్న మాలు అన్నిటికంటే బలహీనం కాబట్టి అక్కడే తీరుతుంది. అందుకే పిట్టగోడ అడుగున, ముఖ్యంగా ఇంటి మూలల దగ్గర, అడ్డంగా గీత పడుతుంది. సిమెంటు ఈ కదలికను ఓర్చుకోలేదు. మరి సాగే పూత ఎందుకు తెగింది?

నాకు చాలా ఇష్టమైన లెక్క ఇదే. రబ్బరు బ్యాండును రెండు వేళ్ళతో అర సెంటీమీటరు ఎడంలో బిగించి పట్టుకొని మరో సెంటీమీటరు లాగండి: పట్టిన ముక్క మూడు రెట్లవుతుంది. అదే బ్యాండును పది సెంటీమీటర్ల ఎడంలో పట్టుకొని అంతే లాగితే పదో వంతే సాగుతుంది. రబ్బరూ అదే, లాగుడూ అదే. మారింది సాగడానికి వదిలిన పొడవు.

పూత పగులు అంచుల దాకా గట్టిగా అంటుకుంటే, సాగడానికి దానికి దొరికేది పగులు వెడల్పు మాత్రమే. పగులు 0.3 మిల్లీమీటర్లు ఉండి మరో 0.6 తెరుచుకుంటే, ఆ కాస్త ముక్క మూడు రెట్లు కావాలి. నిజానికి కదలికలో చాలా భాగం పక్కకు జారడమే కాబట్టి భారం కొంత తగ్గుతుంది. అప్పుడు కూడా పొడవు రెట్టింపు దాటుతుంది. కొత్త పూత కొన్నాళ్ళు ఓర్చుకుంటుంది. ఒక వేసవి ఎండకు గట్టిపడ్డాక తెగిపోతుంది. అదే పూత పగులు మీద 30 మిల్లీమీటర్ల మేర అంటుకోకుండా ఉంటే, 30 కాస్తా 30.6 అవుతుంది. అంటే సాగుదల రెండు శాతమే! పూత ఎంత బాగా అంటుకుంటే అంత మంచిదని మనకు అలవాటైన నమ్మకం సరిగ్గా ఈ ఒక్క చోట పనికిరాదు.

కాబట్టి స్లాబూ పిట్టగోడా కలిసే మూలను పొడవునా శుభ్రం చేసి, ఊడుతున్న మాలు తీసి, పగులు వెంట వేలి లావు ఫోమ్ తాడు నొక్కాలి. దాని మీద పాలీయూరిథేన్ సీలెంటును స్లాబుకూ గోడకూ మాత్రమే అంటుకునేలా పట్టించాలి. ఫోమ్‌కు సీలెంట్ అంటదు కాబట్టి మధ్యలో స్వేచ్ఛ మిగులుతుంది. ఆ పైన పూతను గోడ మీదికి కనీసం 15 సెంటీమీటర్లు ఎక్కించి, పై అంచును గోడలో కోసిన గాడిలో ముగించాలి. లేదంటే గోడ మీద జారే నీరు పూత వెనక్కి దిగుతుంది. మేస్త్రీలు మూలలో సిమెంటుతో వేసే గుండ్రటి వంపు నీటిని పక్కకు మళ్ళిస్తుంది గానీ, రెండు వైపులా అతుక్కున్నది కాబట్టి తానే ఒక అంచున చీలుతుంది.

ఇవన్నీ చేసే ముందు లీకు అక్కడిదేనా అని తేల్చుకోవాలి. గోడకు రెండడుగుల దూరంలో బంకమట్టి గట్టు కట్టి స్లాబు నడిమి భాగంలో రెండు రోజులు నీరు నిలపండి. కింద తడి రాకపోతే గట్టు తీసి పిట్టగోడ వెంట నీరు పోయండి.

వాస్తు కోసం నీళ్ళన్నీ ఈశాన్య మూలకే పంపే ఇళ్ళు మన పల్లెల్లో ఎక్కువ. పంపడంలో తప్పు లేదు. అయితే ఎదుటి మూల నుంచి దూరం ఎక్కువ కాబట్టి, మీటరుకు సెంటీమీటరు చొప్పున వాలు ఇస్తే 15 మీటర్లకు 15 సెంటీమీటర్లు కావాలి. అంత వాలు ఇవ్వని చోట నీరు ఈ పగులు పక్కనే మడుగు కడుతుంది.

పాత ఇంటికి ఆనించి కొత్త భాగం కట్టేటప్పుడు మధ్యలో వదిలే ఎక్స్‌పాన్షన్ జాయింట్‌కూ ఇదే లెక్క. 25 మిల్లీమీటర్ల సందులో సీలెంట్ అడుగుకు కూడా అంటుకుంటే చీలుతుంది. అడుగున ఫోమ్ తాడు ఉండాల్సిందే. సందు మండుటెండలో ఇరుకవుతుంది, చలిలో వెడల్పవుతుంది. మే నెల మధ్యాహ్నం నింపిన సీలెంట్ ఆ తర్వాత ఏడాదంతా లాగుడులోనే ఉంటుంది. ఫిబ్రవరిలో, పొద్దెక్కాక, స్లాబు గోరువెచ్చగా ఉన్నప్పుడు నింపితే అటు నొక్కుడు, ఇటు లాగుడు చెరి సగం పడతాయి.